ఏఐ యాప్ ముఖం ఎలా ఉందో చెప్తుంది, పేరు మాత్రం చెప్పదు, ఎందుకు?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. తాతగారి పెళ్లి నాటి గ్రూప్ ఫొటో అప్‌లోడ్ చేస్తే వెనక వరసలో ఉన్నాయనకి గుబురు మీసం, గుండ్రటి కళ్లజోడు, వయసు నలభై దాకా ఉండొచ్చు అని చక్కగా చెప్పింది, ఎవరంటే మాత్రం ముఖం చూసి పేరు చెప్పనంది. అదే యాప్ ఊళ్లో ఫ్లెక్సీ ఫొటో పెడితే ముఖం కింద రాసున్న పేరు చదివి ఈయన ఫలానా అయ్యుండొచ్చు అంది, అంటే రాత ఆధారం అయితే ఓకే, ఒట్టి పోలిక అయితే కాదన్నమాట.

అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 2020లో రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన్ని ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌ని నమ్మి దొంగతనం కేసులో అరెస్టు చేశారు, షాపు సీసీ కెమెరా మసక ఫొటోకి ఆయన పాత లైసెన్స్ ఫొటో మ్యాచ్ అయిందని, తీరా దొంగ ఆయన కాదు. పోలిక ఎంత దగ్గరున్నా అది మనిషి ఎవరో తేల్చదు, పైగా రోడ్డు మీద ఆడపిల్ల ఫొటో తీసి పేరు లాగేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆపడం న్యాయమే అనిపిస్తుంది.

నా డౌట్ ఏంటంటే దానికి నిజంగా చేతకాదా, చేతనైనా రూల్ పెట్టి ఆపారా? ఫోన్ గ్యాలరీ మనం ఒకసారి పేరు పెడితే అదే ముఖాన్ని మిగతా ఫొటోల్లో పట్టేస్తుంది కదా, ఆ పద్ధతి వేరా?