రెండు అర్థాలూ వాక్యంలో కుదిరితే ఏది సరైనదో పిల్లలకు ఎలా చెప్పాలి?

మాది హన్మకొండ. ఏడో తరగతి చదివే మా పాపకు గద్యభాగంలో ఈ వాక్యం వచ్చింది: “చెరువు తూము పాడైతే ఊరివాళ్ళు ఉపేక్షించలేదు, వెంటనే చందాలు వేసుకొని బాగుచేయించారు.”

ప్రశ్న: ఉపేక్షించడం అంటే?
పాప జవాబు: బాగుచేయడం.

పక్కనే ఉన్న మాట చూసి రాసేసింది. ఆ అర్థం పెట్టి వాక్యం మళ్ళీ చదివించాను. “బాగుచేయలేదు, వెంటనే బాగుచేయించారు” అని పొసగకపోయేసరికి తనకే తెలిసిపోయింది. చివరి “లేదు” వల్ల అర్థం తిరగబడుతుందని అప్పుడు చెప్పాను.

కానీ “కోప్పడటం” అనే ఆప్షన్ కూడా ఉంది. “కోప్పడలేదు, వెంటనే బాగుచేయించారు” అన్నా వాక్యం బాగానే ఉంది కదా! నాకైతే “వెంటనే” అన్నదే అసలు ఆధారం అనిపిస్తోంది, అది ఆలస్యానికి, పట్టించుకోకపోవడానికి ఎదురు మాట కాబట్టి. తెలుగు టీచర్లు ఎవరైనా ఉంటే, ఇలాంటి చోట పిల్లలతో ఏ ప్రశ్న అడిగిస్తారో కాస్త చెప్పండి.