అప్‌డేట్: యాడ్స్ లాభమా, నష్టమా? లెక్క తేలింది

నా ప్రశ్న: "యాడ్స్ డాష్‌బోర్డ్ పెట్టినదానికి నాలుగు రెట్ల అమ్మకాలు చూపిస్తోంది. మరి చేతిలో డబ్బు ఎందుకు మిగలడం లేదు?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఆర్డర్ల లిస్టును ఫోన్ నంబర్ల వారీగా చూడమన్న సలహాతోనే విషయం బయటపడింది.

ఒక నెల యాడ్స్ ఖర్చు 60,000. డాష్‌బోర్డ్ ప్రకారం 300 ఆర్డర్లు, అంటే ఒక్కోదానికి 200. కానీ వాటిలో మొదటిసారి కొన్నవాళ్లు 120 మందే. మిగతావాళ్లు పాత కస్టమర్లు, చాలామంది యాడ్ లేకపోయినా వచ్చేవాళ్లే. కాబట్టి కొత్త కస్టమర్ ఒక్కొక్కరికి అసలు ఖర్చు 500.

సగటు ఆర్డర్ 800. సరుకు, డెలివరీ, రిటర్న్‌లు పోగా మిగిలేది 280. అందరినీ కలిపితే ఆరు నెలల్లో ఒక్కొక్కరు 2.1 సార్లు కొన్నారు, అంటే 588. ఇక్కడితో ఆగితే లాభమే అనిపిస్తుంది! ఆ నెల యాడ్ ద్వారా వచ్చినవాళ్లను మాత్రమే విడిగా తీస్తే 1.5 సార్లే, అంటే 420. మనిషికి 80 నష్టం. సగటును పైకి లాగింది స్నేహితులు చెబితే వచ్చిన పాత కస్టమర్లు. ఆరు నెలల తర్వాత కూడా కొందరు కొంటారేమో గానీ, అంతవరకు డబ్బు ఇరుక్కుపోయినట్టే.

పాత కస్టమర్ల లిస్టును యాడ్స్ నుంచి మినహాయించాను. కొత్త కస్టమర్ ఖర్చు ఇప్పుడు 380 దగ్గర ఉంది. వీళ్లు కూడా 1.5 సార్లు కొంటారా అన్నది ఇంకా చూడాలి.

యాడ్ బొమ్మలు మార్చడం, యాడ్ చూశాక ఎన్ని రోజుల్లోపు కొంటే దాన్ని యాడ్ అమ్మకంగా లెక్కించాలో చెప్పే అట్రిబ్యూషన్ విండోను తగ్గించడం వల్ల తేడా ఏమీ రాలేదు.