రెండు పెద్ద లిఫ్టులా, మూడు చిన్నవా? 1.5 స్పీడు అవసరమా?

ఉండి కాలువ: భీమవరంలో గ్రౌండ్ మీద ఏడు అంతస్తుల ఆఫీసు. అంతస్తుకి 60 మంది, ఎత్తు 3.6 మీటర్లు. 13 మంది ఎక్కే లిఫ్టులు రెండు పెడదామని ఓనరుగారి మాట. స్పీడు సెకనుకి 1 మీటరు చాలా, 1.5 రాయాలా?

లాకుల దిబ్బ: ఆఫీసంటే 1.5 కి తగ్గొద్దండి. 1 మీటరు అపార్ట్‌మెంట్లకి సరిపోద్ది. తొమ్మిదిన్నరకి 420 మంది ఒక్కసారే వస్తారు.

బఫర్ స్ప్రింగ్: స్పీడుకంత బలం లేదండి ఇక్కడ. నిండా 13 మంది ఎక్కరు కాబట్టి పదిమందికి లెక్కేస్తే, ఒక్కో ట్రిప్పులో లిఫ్టు ఐదారు అంతస్తుల్లో ఆగుతుంది. 3.6 మీటర్ల దూరంలో అందుకున్న వేగం అందుకున్నట్టే మళ్ళీ తగ్గించుకోవాలి. కింద నుంచి బయల్దేరి మళ్ళీ కిందకి రావడానికి 1 మీటరు లిఫ్టుకి 122 సెకన్లు, 1.5 కి 110. లాభం 12 సెకన్లు. అదే రెండు రెక్కలు చెరో పక్కకి తెరుచుకునే తలుపు బదులు, ఒకే పక్కకి జరిగే తలుపు పెడితే ఆగినప్పుడల్లా రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. ట్రిప్పు మొత్తమ్మీద 13 సెకన్లు. స్పీడుకి పెట్టిన డబ్బు తలుపు తినేస్తుంది.

చేపల చెరువు గట్టు: మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోతే లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతుందండి. బ్యాటరీ మీద దగ్గర ఫ్లోరుకి తెచ్చి తలుపు తీసే పరికరం పెట్టామన్నారు, ఒక్కసారీ పనిచెయ్యలేదు. ముందు అది రాయండి.

బఫర్ స్ప్రింగ్: రాయాల్సిందే. అప్పగించే రోజు లిఫ్టు నడుస్తుండగా మెయిన్ ఆపి చూడాలి, ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి. కానీ ఆయన అడిగింది రద్దీ గురించి.

లాకుల దిబ్బ: 12 సెకన్లు మీకు చిన్నవా? రెండు లిఫ్టులతో ఐదు నిమిషాల్లో జనంలో 12 శాతాన్ని ఎక్కించేది 13 అవుతుంది. మీరే లెక్క చెప్పి మీరే కాదంటే ఎలా?

బఫర్ స్ప్రింగ్: 13 నేనూ ఒప్పుకుంటాను. కానీ లిఫ్టుకీ లిఫ్టుకీ మధ్య 55 సెకన్లు నిలబడాలి. ఎనిమిదిమందివి మూడు పెట్టండి, 1 మీటరు స్పీడుతోనే. ట్రిప్పు 101 సెకన్లు, 34 సెకన్లకో లిఫ్టు, అదే 13 శాతం. పైగా 1.5 కి లిఫ్టు దారి అడుగున ఉండే గుంట ఇంకా లోతు తవ్వాలి. వానాకాలం నీరు పైకొచ్చే నేలలో ఆ గుంటకి ఊట ఆగకపోతే అడుగున, వేగం మితిమీరితే లిఫ్టుని ఆపించే గవర్నర్ తాడు లాగిపెట్టే చక్రమూ, కిందకి జారిన క్యాబిన్ దెబ్బ కాచుకునే బఫర్లూ తుప్పు పట్టేస్తాయి.

లాకుల దిబ్బ: కాగితం మీద బాగుంటుందండి! ఎనిమిదిమంది లిఫ్టు లోపల 1.3 మీటర్లు, 1.1 మీటర్లు. గుండెనొప్పి వచ్చినాయన్ని స్ట్రెచర్ మీద ఎలా దింపుతారు? 13 మంది లిఫ్టు రెండు మీటర్ల వెడల్పు ఉంటుంది, పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చు. నా గోల మొదట్నుంచీ అదే. స్పీడు దగ్గరే మీరు పట్టుకున్నారు.

బఫర్ స్ప్రింగ్: ఇదే ముందు చెప్పుంటే సగం వాదన తప్పేది. మాట న్యాయమైందే. ఒకటి 13 మందిది, రెండు ఎనిమిదివి పెడితే స్ట్రెచర్ కుదురుతుంది, కానీ మూడూ ఒకే వేళకి తిరిగిరావు. లెక్క మళ్ళీ వెయ్యాలి.

ఉండి కాలువ: అసలు సంగతి చెప్తాను. మూడో లిఫ్టు తిరిగే షాఫ్టుకి అంతస్తుకి నలభై చదరపు అడుగుల అద్దె పోతుందని ఓనరుగారి బాధ.

బఫర్ స్ప్రింగ్: నలభై కాదండి. ఎనిమిదిమంది షాఫ్టు 1.9 కి 1.9 మీటర్లు, 13 మందిది 2.5 కి 1.9. మూడు చిన్నవి, రెండు పెద్దవాటికన్నా అంతస్తుకి దాదాపు పద్నాలుగు చదరపు అడుగులే ఎక్కువ. మూడో మెషీను ఖర్చు వేరే సంగతి, అది ఆయనే తేల్చుకోవాలి.

ఏది పెట్టినా టెండర్లో ఇది రాయండి: తలుపు మూసుకోవడం మొదలైన దగ్గర్నుంచి పక్క అంతస్తులో పూర్తిగా తెరుచుకునేదాకా 11 సెకన్లు దాటకూడదు. పై లెక్కంతా దాని మీదే నిలబడింది. స్టాప్‌వాచ్‌తో మీరే చూడొచ్చు.

ఉండి కాలువ: లోపల గ్రానైట్ పరుస్తామంటున్నారు, టెస్టులయ్యాక.

బఫర్ స్ప్రింగ్: టెస్టులకి ముందే పరిచెయ్యాలి. ఆ చిన్న క్యాబిన్‌కి 20 మిల్లీమీటర్ల గ్రానైట్ దాదాపు 77 కిలోలు. 544 కిలోల లిఫ్టులో సగం, అంటే 272 కిలోలు వేసి, షాఫ్టు మధ్యలో క్యాబిన్, తాడు రెండో కొసన దాన్ని తూచే కౌంటర్‌వెయిట్ ఎదురెదురుగా దాటేచోట మోటారు కరెంటు క్లాంప్ మీటర్‌తో చూడండి. సగం బరువుకి తూచి కట్టిన కౌంటర్‌వెయిట్ అయితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకటే రావాలి. తర్వాత గ్రానైట్ పడితే ఎక్కేటప్పుడు ఎక్కువ లాగుతుంది, బ్రేకుకీ భారమే. ఆ తర్వాత 680 కిలోలు వేసి కింది అంతస్తులో ఆపండి. బ్రేకు జారకూడదు. బస్తాల మీద అచ్చేసిన బరువు నమ్మకుండా కాటా మీద తూయించండి.

లాకుల దిబ్బ: కాటా మాటకి నేనూ సరే. స్ట్రెచర్ సంగతి మాత్రం వదలను.