రోజూ పరిగెత్తేవాళ్లకు నెయ్యి, వెన్న, కొబ్బరినూనెకు లెక్క ఉండాలా?

పొద్దుటి పరుగు: నా బరువు 62 కిలోలు. హాఫ్ మారథాన్‌కు తయారవుతున్నాను, ట్రైనింగ్ రోజుల్లో సుమారు 2800 కేలరీలు తింటాను. కోచ్ మాట మీద రోజూ రెండు పెద్ద చెంచాల నెయ్యి, కాఫీలో ఒక పెద్ద చెంచా వెన్న, వంటలో ఒక పెద్ద చెంచా కొబ్బరినూనె వాడుతున్నాను. మొన్న టెస్ట్‌లో చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 148 వచ్చింది, అంతకుముందు 104 ఉండేది. 'అంత పరిగెత్తేవాడికి ఇది ఇంధనం, కరిగిపోతుంది' అంటున్నాడు కోచ్. నిజమేనా?

బరువుల బాబు: టెన్షన్ వద్దు తమ్ముడూ. ఈ భయాలన్నీ కుర్చీలో కూర్చుని తినేవాళ్లకి. కొవ్వు బాగా తగ్గిస్తే కేలరీలు చాలవు, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. అథ్లెట్లు మొత్తం కేలరీల్లో కొవ్వును 20 శాతం కంటే కిందికి దించొద్దని చెప్తారు కదా. ఇక కొబ్బరినూనెలో ఉండేవి ఎంసీటీలనే మధ్యరకం పొడవున్న కొవ్వులు. అవి సరాసరి లివర్‌కి వెళ్లి కాలిపోతాయి, కొలెస్ట్రాల్‌తో పనే లేదు. వెన్న మానెయ్, నెయ్యి, కొబ్బరి ఉంచుకో.

తూకం టీచర్: క్రీడాకారుల డైట్ చూడటమే నా పని. బాబు గారు 20 శాతం గురించి చెప్పింది సరైనదే. కానీ అది మొత్తం కొవ్వు సంగతి. ఇక్కడ అడిగింది నెయ్యి, వెన్న, కొబ్బరినూనెల్లో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వు గురించి. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత మొత్తం కేలరీల్లో 10 శాతం, అంటే 2800కి 31 గ్రాములు. ఎక్కువ తినేవాడికి గీత కొంచెం పైకి జరుగుతుంది, అంతేగాని చెరిగిపోదు.

ఇప్పుడు మీ రోజు చూద్దాం. రెండు పెద్ద చెంచాల నెయ్యిలో సంతృప్త కొవ్వు సుమారు 17 గ్రాములు, వెన్నలో 7, కొబ్బరినూనెలో 11 పైచిలుకు. ఇక్కడికే 35 దాటింది. పాలూ గుడ్లూ ఇంకా లెక్కలోకే రాలేదు. అర లీటరు మామూలు పాలకు 10, రెండు గుడ్లకు 3 కలిపితే 48 అవుతుంది. అంటే దాదాపు 15 శాతం.

చెంచాలన్నీ ఒకేలా ఉండవు, అదొకటి గమనించండి. కరిగిన నెయ్యి అంచు వరకు పోస్తే పెద్ద చెంచాకు 13, 14 గ్రాములు. గడ్డకట్టిన నెయ్యిని గోపురంలా తీస్తే అంతకంటే బాగా ఎక్కువ వస్తుంది. నెయ్యి డబ్బాను వంటింటి తూకం మీద పెట్టి, సున్నా చేసి, ఎప్పుడూ తీసుకునేంతే తీసి చూడండి. మైనస్‌లో కనిపించే అంకే మీరు నిజంగా తింటున్నది.

బరువుల బాబు: సరే, గ్రాములు ఒప్పుకుంటా. మరి ఎంసీటీ సంగతి?

తూకం టీచర్: అవి ఉన్నాయి, కానీ తక్కువ. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. పేరుకు దాన్నీ ఎంసీటీల్లో కలుపుతారు గానీ, ఒంట్లో చాలావరకు మిగతా పొడవాటి కొవ్వుల్లాగే రక్తంలోకి వెళ్తుంది. సరాసరి లివర్‌కి పోయే చిన్నవి ఏడో ఎనిమిదో వంతు మాత్రమే. షాపుల్లో అమ్మే ఎంసీటీ ఆయిల్ మీద వచ్చిన ఫలితాలు తెచ్చి కొబ్బరినూనెకు అంటగడితే ఎలాగండీ?

నిమ్మచెట్టు నీడ: నేను కూడా రన్నర్‌నే. లావైపోతానని నెయ్యి, నూనె మొత్తం మానేశాను. నెలసరి ఆగిపోయింది, కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. అందుకే చెప్తున్నా, నెయ్యి మాత్రం మానకండి!

తూకం టీచర్: అమ్మా, ఆయన అడిగింది మానడం గురించి కాదు. మీ విషయంలో లోటు నెయ్యిది కాదు, పరుగుకు ఖర్చైన శక్తికి సరిపడా తినకపోవడం కారణం అయి ఉంటుంది. ఆ కేలరీలు వేరుశనగల నుంచి వచ్చినా, అన్నం నుంచి వచ్చినా ఒంటికి పనికొచ్చేవే. నెలసరి ఇంకా సరిగా రాకపోతే డాక్టర్‌ను తప్పకుండా కలవండి.

అధ్యయనాల పురుగు: టీచర్ గారూ, కేంబ్రిడ్జ్ వాళ్లు 2018లో రోజుకు 50 గ్రాముల చొప్పున నాలుగు వారాలు పెట్టి చూశారు. వెన్న తిన్నవాళ్లకు ఎల్‌డీఎల్ పెరిగింది. కొబ్బరినూనె తిన్నవాళ్లకూ ఆలివ్ నూనె వాళ్లకూ పెద్ద తేడా లేదు. దీనికేమంటారు?

తూకం టీచర్: ఆ ఫలితం నిజమే, దాన్ని పక్కన పెట్టను. కానీ అది ఒక్క పరీక్ష. ఇలాంటివి చాలా కలిపి 2020లో సర్క్యులేషన్ పత్రికలో లెక్క కట్టారు. మామూలు గింజనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను 10 పాయింట్ల దాకా పెంచింది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కూడా కొంచెం పెరిగింది.

అధ్యయనాల పురుగు: మంచిదీ పెరిగితే చెల్లుకు చెల్లు కాదా?

తూకం టీచర్: హెచ్‌డీఎల్ పెరిగినంత మాత్రాన గుండెకు మేలని ఇప్పుడు ధీమాగా చెప్పడం లేదు. మందులతో దాన్ని పెంచి చూసిన చాలా పరీక్షల్లో గుండెపోట్లు తగ్గలేదు. మీరు ఒప్పుకోకపోతే అది మీ ఇష్టం.

పొద్దుటి పరుగు గారూ, కోచ్ చెప్పిన 'ఇంధనం' మాటకు వద్దాం. పరుగు రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును బాగానే తగ్గిస్తుంది, ఎల్‌డీఎల్‌ను అంతగా తగ్గించదు. ఎల్‌డీఎల్ అనేది కాలిపోయే కేలరీ కాదు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలోంచి దాన్ని లాక్కునే పని లివర్‌లో మందగిస్తుంది. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తినా ఆ మందగింపు అలాగే ఉంటుంది. పైగా కొవ్వు ఇంధనానికి మీకు కొదవ లేదు. 62 కిలోల ఒంట్లో 12 శాతం కొవ్వు ఉందనుకున్నా ఏడు కిలోల నిల్వ. చివరి కిలోమీటర్లలో అయిపోయేది గ్లైకోజెన్, అంటే కండరాల్లో, లివర్‌లో దాచుకున్న పిండిపదార్థం. వెన్న కాఫీ తాగి ఇంటర్వెల్స్‌కు వెళ్తే అది కడుపులో బరువుగా కూర్చుని వికారం పుట్టించొచ్చు. పరుగుకు రెండు మూడు గంటల ముందు కొవ్వు తగ్గించండి.

పొద్దుటి పరుగు: వికారం వస్తున్న మాట నిజమే. మరి ఎంత తినాలి? నెయ్యి పూర్తిగా వదలడం నావల్ల కాదు.

తూకం టీచర్: వదలక్కర్లేదు. 148 ఉన్నప్పుడు 31 దగ్గర ఆగకుండా 6 శాతం దాకా దిగమంటాను, అంటే సుమారు 19 గ్రాములు. పాలు కొవ్వు తగ్గించినవి తీసుకుంటే అర లీటరుకు 5, గుడ్లకు 3, మిగతా వంటనూనె, గింజలు, చికెన్‌కు ఒక 5. ఇంకా 6 మిగిలాయి. రెండు చిన్న చెంచాల నెయ్యి వేసుకోండి, సరిపోయింది. కొబ్బరి తినాలనిపించిన రోజు నెయ్యి బదులు 20 గ్రాముల పచ్చి కొబ్బరి ముక్క తినండి. అందులోనూ 6 గ్రాములే. కాకపోతే దానిలో పీచు ఉంటుంది, నూనెలో ఉండదు. వెన్న కాఫీ మానేయండి.

తగ్గించిన కేలరీల చోట వేరుశనగనూనె, నువ్వులనూనె, బాదం, వేరుశనగలు, పరుగు రోజుల్లో ఇంకాస్త అన్నం రావాలి. బిస్కెట్లూ స్వీట్లూ వస్తే మార్చిన ఫలితం ఉండదు. ఎనిమిది వారాలయ్యాక అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి, పెద్ద పరుగు అయిన మర్నాడు వద్దు. అప్పటికీ దిగకపోతే థైరాయిడ్, కుటుంబ చరిత్ర చూపించుకోవాలి, ఎందుకంటే తిండి అందరి మీదా ఒకేలా పనిచేయదు.

బరువుల బాబు: నేను రోజూ నాలుగు పెద్ద చెంచాలు తింటా, నా ఎల్‌డీఎల్ 96. దీనికేం చెప్తారు?

తూకం టీచర్: మీ లివర్ మీకు కలిసొచ్చింది బాబు గారూ. ఆయనది 148 కదా, ఆయనకు ఆయన రిపోర్ట్ చూసే చెప్పాలి.

పొద్దుటి పరుగు: కోచ్‌కి ఈ థ్రెడ్ పంపించాను. 'ఎనిమిది వారాల తర్వాత టైమింగ్ పడిపోతే నన్ను అడగకు' అన్నాడు. రేపటి నుంచి రెండు చిన్న చెంచాలే.