వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టినా గొంతు వెనకబడుతోంది: తప్పు ఫోన్‌దా, తాళానిదా?

వేకువపాట: కరవోకే యాప్‌లో పాడుతుంటే నా గొంతు నాకే కాస్త లేటుగా వినిపిస్తోంది. బ్లూటూత్ మానేసి వైర్ ఇయర్‌ఫోన్స్ కొన్నాను. తగ్గింది కానీ పోలేదు. ఏం చేయాలి?

తబలా_శీను: పాట సేవ్ చేసే ముందు గొంతును ముందుకీ వెనక్కీ జరిపే స్లైడర్ వస్తుంది. దాన్ని సరిచేసుకోండి, చాలు. వైర్ పెట్టాక కూడా లేటంటే అది తాళం పట్టు లేకపోవడమే.

రికార్డింగ్_గది: శీను గారూ, ఆవిడ అడిగింది పాడుతున్నప్పుడు చెవిలో పడే ఆలస్యం గురించి. స్లైడర్ పాడేశాక పనికొచ్చేది. ఆ రెండూ వేరు.

వేకువపాట గారూ, లేటు తీగలో లేదు, ఫోన్ లోపల ఉంది. మైక్‌లో పడ్డ గొంతును ఫోన్ కొద్దికొద్దిగా పోగేసి యాప్‌కి ఇస్తుంది, యాప్ ఎకో కలిపి మళ్లీ చెవికి పంపుతుంది. బ్లూటూత్‌లో అయితే దీనిమీద ఇంకో 150, 200 మిల్లీసెకన్ల దాకా కలుస్తుంది కాబట్టి మీకు తేడా తెలిసింది. వైర్ పెట్టినా ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో 20, 30 మిల్లీసెకన్లతో పోతుంది, కొన్నింటిలో 100 దాటుతుంది. ఐఫోన్లలో మామూలుగా తక్కువే.

ఒకటి చేసి చూడండి. యాప్‌లో మన గొంతు మనకు వినిపించే ఆప్షన్ ఆన్ చేసి, ఇయర్‌ఫోన్ మైక్ మీద గోటితో తట్టండి. వేలు తగిలినప్పుడే చెవిలో 'టక్' వినిపిస్తే ఫోన్ బాగున్నట్టే. వేలు తగిలాక విడిగా వినిపిస్తే ఆ ఆప్షన్ ఆపేసి పాడాలి.

కాకినాడ_అత్తయ్య: నాకూ ఇదే బాధ. మా గ్రూప్‌లో డ్యూయెట్ పాడి పంపితే ప్రతిసారీ "లేటు, మళ్లీ పాడండి" అని తిప్పి పంపుతారు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నదాన్ని, తాళం తప్పుతానా?

సాయి_వరంగల్: ఫోన్‌లో డాల్బీ, ఈక్వలైజర్ లాంటివి ఉంటే ఆపేయండి. నాకు అలాగే తగ్గింది.

తబలా_శీను: అందరూ ఫోన్ మీద తోసేస్తున్నారు. పెళ్లిళ్లలో మానిటర్ స్పీకర్ లేకుండానే పాడేవాళ్లతో వాయించాను. తాళం లోపల ఉన్నవాడికి చెవిలో ఏం వినిపిస్తే ఏంటి?

రికార్డింగ్_గది: మీ పెళ్లి స్టేజీ మీద వాళ్ల గొంతు వాళ్లకు లేటుగా ఎవరూ వినిపించలేదు కదండీ. వినపడకపోవడం వేరు, లేటుగా వినపడటం వేరు. తన గొంతు లేటుగా చెవిలో పడితే మనిషి తెలియకుండానే దానికోసం ఆగుతాడు. మంచి గాయకులకూ ఇది తప్పదు.

కాకినాడ_అత్తయ్య: సూటిగా చెప్పండి శీను గారూ. నాకు పాడటం రాదంటున్నారా?

తబలా_శీను: అమ్మా, మిమ్మల్ని అనలేదు. ఫోన్ వంక దొరికితే ఇక ఎవరూ సాధన చేయరు. నా బాధ అది.

రికార్డింగ్_గది: తప్పు ఫోన్‌దో, మనిషిదో రికార్డింగే చెప్తుంది. పల్లవి మొదటి మాట దగ్గర, చివరి చరణం చివరి మాట దగ్గర గొంతు సంగీతానికి ఎంత వెనకుందో వినండి. రెండు చోట్లా ఒకేలా ఉంటే రికార్డింగ్ తేడా, స్లైడర్‌తో పోతుంది. పల్లవిలో సరిగ్గా ఉండి పోనుపోను వెనకబడితే పాడేటప్పుడే ఆగారన్నమాట, దాన్ని ఏ స్లైడరూ సరిచేయలేదు.

వేకువపాట: చూశాను. గోటితో తడితే 'టక్' విడిగానే వినిపించింది. పాత రికార్డింగ్‌లో పల్లవి బాగుంది, రెండో చరణానికి బాగా వెనకబడ్డాను. ఆ ఆప్షన్ ఆపేసి పాడితే తాళం కుదిరింది, కానీ రెండు చెవులూ మూసుకుపోయి శ్రుతి తెలియడం లేదు.

రికార్డింగ్_గది: ఒక చెవి తీసేసి పాడండి. సంగీతం ఒక చెవిలో, మీ సొంత గొంతు గాలిలోంచి రెండో చెవిలో. తీసిన బడ్‌ను కాలర్ లోపలికి దోపండి, లేదంటే అందులోని సంగీతం మైక్‌లో పడుతుంది. మైక్ మాత్రం చీర కొంగుకు రాసుకోకూడదు, ఆ గరగర తర్వాత పోదు.

తబలా_శీను: ఒక చెవి తీయడం మా వాళ్లు ఎప్పుడూ చేసేదే. దీనికి నేను ఒప్పుకుంటా. లేటు వల్లే అందరూ తాళం తప్పుతారంటే మాత్రం ఒప్పుకోను.

కాకినాడ_అత్తయ్య: నా డ్యూయెట్లు ఇప్పుడు విన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకేలా వెనక ఉన్నాయి. స్లైడర్ జరిపితే సంగీతంతో కలిసింది, కానీ మొదట పాడినాయన గొంతుతో కలవడం లేదు. ఆయనే సంగీతానికి వెనక ఉన్నారు!

రికార్డింగ్_గది: అయితే ఆయన స్లైడర్ సరిచేయకుండానే సేవ్ చేసి ఉంటారు. మీరు సంగీతాన్నే పట్టుకోండి.

తబలా_శీను: జంటగా పాడేటప్పుడు పక్కవాళ్లను పట్టుకోవాలి కానీ, ట్రాక్‌ను కాదు.

కాకినాడ_అత్తయ్య: ఆయన్ను పట్టుకుంటే గ్రూప్ వాళ్లు మళ్లీ నన్నే లేటంటారు శీను గారూ. ముందు ఆయన్ను సరిచేసుకోమని ఇవాళ గ్రూప్‌లో పెడతాను.