సెలవు తర్వాత 600 మెసేజ్‌లు: నిర్ణయాలు, నన్ను అడిగినవి ఎలా ఏరుకోవాలి?

చెల్లి పెళ్ళికి 12 రోజులు సెలవు పెట్టి నిన్ననే ఆఫీసుకొచ్చాను. స్లాక్‌లో మా రిలీజ్ ఛానెల్‌లో 600 పైగా మెసేజ్‌లున్నాయి. నన్ను ట్యాగ్ చేసినవి వెతికితే తొమ్మిది దొరికాయి, వాటికి జవాబిచ్చేశాను. కానీ "పేమెంట్ టెస్టింగ్ సంగతి తను వచ్చాక చూద్దాం" అన్న మాటకు ట్యాగ్ లేదు, అందుకే తప్పిపోయింది.

నిర్ణయాలతో ఇంకా ఇబ్బంది. సోమవారం రిలీజ్ 18న అన్నారు, అదే రాసుకున్నాను. గురువారం దాని కిందే థ్రెడ్‌లో 21కి మార్చారు. థ్రెడ్ తెరవకపోతే అది కనబడదు కదా! ఇప్పుడు చివరి నుంచి వెనక్కి చదువుతూ, ఒక్కో నిర్ణయం పక్కన తేదీ, మెసేజ్ లింకు రాస్తున్నాను.

ట్యాగ్ లేని ప్రశ్నల్ని మీరెలా పట్టుకుంటారండీ? నా పనుల పేర్లతో వెతికితే సరిపోతుందా, టీమ్‌నే అడగాలా?