రెపో రేటు తగ్గింది, నిజాంపేట ఫ్లాటు వడ్డీ తగ్గలేదు: డాలర్లు పంపి తీర్చేయనా?

కార్తీక్, డల్లాస్
అందరికీ నమస్కారం. అక్టోబరులోనే ఇక్కడికి వచ్చాను. హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటు మీద అప్పుంది. 2025 జనవరిలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ నుంచి 50 లక్షలు, 20 ఏళ్లకు, 8.9 శాతం ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్నాను. ఆ ఏడాదిలోనే ఆర్‌బీఐ తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును నాలుగుసార్లు తగ్గించి 6.5 నుంచి 5.25కి తెచ్చింది. నాన్నగారేమో ప్రతి నెలా పాస్‌బుక్ చూసి "అదే 44,665 పోతోందిరా" అంటున్నారు. మా పై అంతస్తు ఆయన అదే నెలలో బ్యాంకులో 8.5కి తీసుకుంటే ఇప్పుడది 7.25 అయిందట. డాలరు 90 రూపాయలనుకుందాం. చేతిలో ఉన్న పది వేల డాలర్లు పంపి అప్పు కొంత తీర్చేయనా, ఆగనా?

సుధ, ఆస్టిన్
కార్తీక్ గారూ, కొత్తగా వచ్చినవారికి ఇక్కడ క్రెడిట్ స్కోరు ఉండదు కాబట్టి తక్కువ వడ్డీకి అప్పు పుట్టదు. ముందు డిపాజిట్ కట్టి ఒక క్రెడిట్ కార్డు తీసుకోండి. ఏడాది తర్వాత అడగండి.

కార్తీక్
అప్పు ఇక్కడ కాదండీ, హైదరాబాద్‌లోనే. అయినా కార్డు సంగతి పనికొచ్చేదే, థాంక్స్.

రమేశ్, అట్లాంటా
ఇందులో ఆలోచించడానికేమీ లేదు తమ్ముడూ. రెపో తగ్గిస్తే రూపాయి మీద వచ్చే వడ్డీ తగ్గుతుంది, విదేశీ సొమ్ము బయటికి పోతుంది, రూపాయి పడుతుంది. 2025 మొదట్లో 85 చిల్లర ఉన్న డాలరు డిసెంబరులో 90 దాటలేదా? డాలర్లు దగ్గరే పెట్టుకో. వచ్చే ఏడాది ఇంకా ఎక్కువ రూపాయలొస్తాయి.

మూర్తి, న్యూజెర్సీ (అమ్మాయి దగ్గర ఉంటున్నాను)
నేను కోఠిలో ఒక బ్యాంకులోనూ తర్వాత బాండ్లు కొని అమ్మే దాని ట్రెజరీ విభాగంలోనూ పనిచేసి రిటైరయ్యాను. రమేశ్ గారు చెప్పింది సగం నిజం. 2022లో ఆర్‌బీఐ రెపోను 4 నుంచి 6.25కి పెంచింది. ఆ లెక్కన రూపాయి బలపడాలి. కానీ 74 దగ్గరున్న డాలరు 82 దాటింది. ఎందుకంటే అదే ఏడాది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ తన రేటును దాదాపు సున్నా నుంచి 4.25 పైకి తీసుకెళ్లింది. డబ్బు చూసేది ఒక దేశం రేటును కాదు, రెండింటి మధ్య తేడాను. అదైనా ఒక్కటే కారణం కాదు. 2025లో మన సరుకుల మీద అమెరికా వేసిన సుంకాలూ, మన షేర్ల నుంచి వెళ్లిపోయిన విదేశీ పెట్టుబడీ రూపాయిని నొక్కాయి.

ఇక కార్తీక్ అసలు ప్రశ్న. బాబూ, నీ పై అంతస్తు ఆయన వడ్డీ రెపోకు ముడిపడి ఉంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాలను రెపోలాంటి బయటి రేటుకే కట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. వాళ్ల మూల రేటును వాళ్లే ప్రకటించుకుంటారు. నాన్నగారిని మంజూరు పత్రం తీసి, వడ్డీ దేనికి ముడిపెట్టారో ఆ ఒక్క వాక్యం చదవమను. అలాగే తాజా స్టేట్‌మెంట్‌లో ఈఎంఐ వదిలేసి, మిగిలిన నెలలు చూడమను. రేటు మారినప్పుడు చాలాచోట్ల ఈఎంఐని ముట్టుకోకుండా గడువును మారుస్తారు.

శ్రావణి, ఫ్రిస్కో
మూర్తి గారూ, అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నా గోడు వినండి. 2024 సెప్టెంబరులో ఫెడ్ అర శాతం తగ్గించినప్పుడు ఇక్కడ 30 ఏళ్ల ఇంటి అప్పు 6.1 దగ్గరుంది. ఇంకా తగ్గిస్తారు కదా అని ఆగాం. డిసెంబరుకల్లా మొత్తం ఒక శాతం తగ్గించారు. జనవరిలో మేం తీసుకునేసరికి వడ్డీ 7కి చేరింది! ఇదెక్కడి న్యాయం?

మూర్తి
అమ్మా, ఫెడ్ చేతిలో ఉన్నది ఒక రాత్రికి ఇచ్చే అప్పు రేటు. 30 ఏళ్ల స్థిర వడ్డీ పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి వెంట నడుస్తుంది. ఆ బాండు కొనేవాడు ఈ రోజు రేటు చూడడు, రాబోయే పదేళ్లలో ధరలెలా ఉంటాయి, ప్రభుత్వం ఎంత అప్పు చేస్తుంది అని చూస్తాడు. మీరు ఆగిన ఆ నాలుగు నెలల్లో అక్కడి రాబడి 3.6 నుంచి 4.5 పైకి పోయింది.

మన దగ్గరా ఇదే జరిగింది. 2025 జూన్ 6న ఆర్‌బీఐ ఒకేసారి అర శాతం తగ్గించింది. అయినా 6.3 లోపున్న పదేళ్ల బాండు రాబడి ఆగస్టు చివరికి 6.6 దగ్గరికి ఎక్కింది. రేటుతోపాటే ఆర్‌బీఐ తగ్గింపుల వైపున్న తన వైఖరిని తటస్థానికి మార్చడంతో, ఇక తగ్గింపులు దాదాపు అయిపోయాయని మార్కెట్ అర్థం చేసుకుంది. రాబడి పెరగడమంటే చేతిలో ఉన్న పాత బాండు ధర పడడమే. ట్రెజరీలో ఆ రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, టీ కూడా చల్లారిపోతుంది.

కార్తీక్ కంపెనీకీ దీనికీ సంబంధముంది. దానికి డిపాజిట్లు తక్కువ. బాండ్లు అమ్మి, బ్యాంకుల దగ్గర అప్పు చేసి నీకిస్తుంది. పాత ఎక్కువ వడ్డీ బాండ్లు తీరేదాకా దాని ఖర్చు మెల్లగానే దిగుతుంది. ఇంత మెల్లగా దిగడానికి అదొక్కటే కారణమని మాత్రం నేను అనను.

కార్తీక్
నాన్నగారు ఫైలు తీశారు. మూల రేటు 17.4 శాతం అని ఉంది! దాని నుంచి 8.5 తగ్గింపు ఇచ్చి 8.9 చేశారు. తాజా స్టేట్‌మెంట్‌లో మూల రేటు 17.15, నా వడ్డీ 8.65. గడువు 11 నెలలు తగ్గింది. అంటే పావు శాతమే దిగిందన్నమాట.

మూర్తి
కిటుకు ఆ తగ్గింపులోనే ఉంది. మూల రేటును అలాగే ఉంచి, కొత్తగా వచ్చేవారికి తగ్గింపు పెంచుతారు. పాతవాడు అడిగితే తప్ప ఇవ్వరు. ఈ రోజు కొత్తవారికి ఇచ్చే రేటుకు నన్ను మార్చండి, రుసుము ఎంత అని రాతపూర్వకంగా అడుగు. కుదరకపోతే బ్యాంకుకు మార్చుకో. ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు. 7.25కే మొదటి నుంచీ 44 వేల చిల్లర కట్టి ఉంటే 8.65తో పోలిస్తే ఎన్నేళ్లు ఆదా అయ్యేవో నువ్వే లెక్క వేసుకో, మూడేళ్లకు పైనే.

రమేశ్
సరే, డాలర్ల సంగతి తేల్చండి మరి.

మూర్తి
ఇప్పుడు పది వేలు పంపితే 9 లక్షలు. 8.65 వడ్డీ తప్పుతుంది కాబట్టి ఏడాది చివర దాని విలువ 9,77,850. పంపకుండా ఇక్కడే ఉంచితే, పన్ను పోగా 3 శాతం వచ్చిందనుకుందాం, 10,300 డాలర్లవుతాయి. ఆగడం కలిసిరావాలంటే అప్పటికి డాలరు దాదాపు 95 దాటాలి. అదే అప్పు 7.25కి మారితే 93 రూపాయల 70 పైసలు దాటితే చాలు. రూపాయి పందెం ఎలాగూ ఉంది, డాలరు దాటాల్సిన ఆ గీత ఎక్కడుండాలో ముందు నీ వడ్డీయే నిర్ణయిస్తుంది.

రమేశ్
2025లో 5 శాతం పడింది కదండీ. ఆ లెక్కన నేను చెప్పినదీ మరీ తప్పు కాదు.

మూర్తి
తప్పనలేదు. ప్రతి ఏడాదీ అలాగే పడుతుందన్న మాటకు మాత్రం నేను సంతకం పెట్టను.

కార్తీక్
ముందు రేటు మార్పించే పని చూస్తాను. బ్యాంకుకు మారితే హక్కు పత్రాల రిజిస్ట్రేషన్‌కు నేను ఉండాలట, లేదా నాన్నగారి పేర పవరాఫ్ అటార్నీ పంపాలి. హ్యూస్టన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించినవారు ఎవరైనా ఉన్నారా?

సుధ
మేం చేయించాం. హైదరాబాద్ చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, మరిచిపోకండి. మాది అక్కడే ఆగిపోయింది.